సోమవారంలోగా సంతకం పెట్టమంటున్నారు, రెండో కంపెనీ రిజల్ట్ ఇంకా రాలేదు. టైం అడిగితే ఆఫర్ పోతుందా?

పాలకొల్లు_క్యూసీ
భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంట్‌లో క్యూసీలో చేస్తున్నాను. కాకినాడ వైపు ఒక ఫీడ్ కంపెనీ నుంచి ఈరోజు, అంటే జూన్ 12 గురువారం, ఆఫర్ వచ్చింది. జీతం ఇప్పటికంటే బాగానే ఉంది. జులై 23న చేరాలి. కానీ 16 సోమవారం సాయంత్రంలోగా సంతకం పెట్టి పంపాలట.

విశాఖలో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీ ల్యాబ్‌కి ఆఖరి రౌండ్ 6న అయింది. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పరీక్షించే ల్యాబ్ అది. నాకు కావాల్సింది ఆ పనే. "రెండు వారాల్లో చెబుతాం" అన్నారు, అంటే 20 దాకా. ఇక్కడ నా నోటీసు 30 రోజులు.

కాకినాడ వాళ్లని వారం టైం అడిగితే "అయితే వద్దులే" అంటారేమోనని భయం. అడగకపోతే విశాఖ పోతుంది. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా? ఏమని అడిగారు?

పూతరేకు
ఇందులో ఆలోచించేదేముంది? కాకినాడకి సంతకం పెట్టేయండి. విశాఖ వస్తే అటు వెళ్లిపోండి. ఈ రోజుల్లో అందరూ చేసేదదే. కంపెనీలు మనల్ని తీసేసేటప్పుడు అడిగి తీసేస్తున్నాయా ఏంటి.

లంక_రాజు
పూతరేకు గారూ, మీరు సాఫ్ట్‌వేర్ అనుకుంటా. ఆక్వా లైన్ అలా ఉండదు. భీమవరంలో క్యూసీ మేనేజర్, కాకినాడలో ఫీడ్ మేనేజర్, విశాఖలో ల్యాబ్ ఇన్‌ఛార్జి, ముగ్గురూ ఒకప్పుడు ఒకే ప్లాంట్‌లో కలిసి చేసినవాళ్లే అయ్యుంటారు. ఒకరి పెళ్లికి ఒకరు వెళ్తారు. మా బావమరిది ఒకచోట సంతకం పెట్టి ఇంకోచోట చేరాడు. రెండేళ్ల తర్వాత మొదటి కంపెనీ జీఎం గారే ఇతను చేసే కంపెనీకి పై ఆఫీసరుగా వచ్చారు. ఏమీ అనలేదట, కానీ ఎదురుపడిన ప్రతిసారీ "ఏమోయ్, సంతకం పెట్టావా?" అని నవ్వుతారట.

రోజ్‌మిల్క్_రాజమండ్రి
ఆ నవ్వు కంటే తిట్టడం నయం 😂

కోనసీమ_కొబ్బరి
నాదీ ఇలాంటి పరిస్థితే. ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది, చేరమంటున్నారు. బ్యాంకు పరీక్ష మెయిన్స్ రాసి ఉన్నాను. రిజల్ట్ వచ్చేదాకా స్కూలు వాళ్లని ఆగమని అడగొచ్చా?

హెచ్ఆర్_మాజీ
కొబ్బరి గారూ, మీది వేరు. మెయిన్స్ రిజల్ట్, తర్వాత ఇంటర్వ్యూ, తర్వాత అలాట్‌మెంట్, నెలలు పడుతుంది. అన్నాళ్లు ఏ స్కూలూ ఖాళీ కుర్చీ పెట్టుకోదు. మీరు చేరిపోండి, చేరేముందు మధ్యలో మానేస్తే ఏం కట్టాలో, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారో చూసుకోండి. టైం అడగడం అనేది రోజుల్లో తేలే వ్యవహారాలకే పనికొస్తుంది.

క్యూసీ గారూ, నేను చాలాకాలం ఫ్యాక్టరీల్లో రిక్రూట్‌మెంట్ చూశాను. మీది కుదిరే కేసే. ముందు రెండు సంగతులు చెప్పండి. సోమవారం అనే గడువు ఆఫర్ లెటర్‌లో రాసి ఉందా, ఎవరైనా నోటిమాటగా చెప్పారా? చెప్పింది కంపెనీ మనిషా, కన్సల్టెన్సీ మనిషా?

పాలకొల్లు_క్యూసీ
ఫోన్ చేసింది కన్సల్టెన్సీ మేడమ్ అండీ. లెటర్ మాత్రం కంపెనీ ఐడీ నుంచే వచ్చింది. గడువు సంగతి లెటర్‌లో చూసినట్టు గుర్తులేదు. ఇప్పుడే లోడ్ దిగింది, ఐస్ కింద నుంచి శాంపిల్ తీసి కౌంట్ చూడాలి. షిఫ్ట్ అయ్యాక చూసి చెబుతా.

తణుకు_తాతయ్య
కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద ఎప్పుడూ నిర్ణయం తీసుకోకు అమ్మాయ్. అబ్బాయివైతే అబ్బాయ్.

పూతరేకు
నేను సాఫ్ట్‌వేర్ కాదు, సిరామిక్స్ 🙂 అయినా నా మాట మీద నేనున్నా.

రాజోలు_ప్లీడర్
చట్టం సంగతి ఒక్కటి చెప్పి తప్పుకుంటా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 5. మీరు సరేనని పంపేలోపు ఆఫర్ ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి టైం అడిగితే ఆఫర్ పోదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. టైం ఇచ్చాం అని మెయిల్ పెట్టాక కూడా, చట్టం లెక్కన వాళ్లు మనసు మార్చుకోవచ్చు. మామూలుగా మార్చుకోరు, అది వేరే సంగతి.

అయితే "ఇంకో నాలుగు రోజులు కావాలి" అన్నంత మాత్రాన ఆఫర్ దానంతటదే రద్దు కాదు. అది ప్రశ్న, అంతే. "జీతం ఇంకో పదివేలు పెంచితే చేరతా" అంటే మాత్రం అది అంగీకారం కిందకు రాదు, మీరే కొత్త ప్రతిపాదన పెట్టినట్టు. అందుకని టైం అడిగే మెయిల్‌లో జీతం గొడవ కలపకండి.

లంక_రాజు
ప్లీడర్ గారు ఫీజు లేకుండా ఇంత చెప్పడం చరిత్రలో మొదటిసారి.

పాలకొల్లు_క్యూసీ
చూశానండీ. లెటర్ రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. లెటర్ మీద వేసిన తేదీ నుంచి ఏడు రోజుల్లో అంగీకారం పంపకపోతే ఆఫర్ చెల్లదు అని. లెటర్ తేదీ 12. అంటే 19 దాకా ఉన్నట్టేగా? మరి ఆవిడ సోమవారం అని ఎందుకన్నారు?

హెచ్ఆర్_మాజీ
అనుకున్నాను. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడ లెక్క ఆవిడది. చాలాచోట్ల కన్సల్టెన్సీకి డబ్బు మీరు సంతకం పెడితే రాదు, మీరు చేరి కొన్ని నెలలు నిలబడితే వస్తుంది. మీరు ఎంత ఆలోచిస్తే అంత జారిపోతారని ఆవిడ భయం. అందుకే తన గడువు తను పెట్టుకుంటుంది. మీరు టైం కావాలంటే కంపెనీని అడక్కుండానే "ఇవ్వరండీ" అనేస్తుంది కూడా.

కంపెనీకి నేరుగా మెయిల్ పెట్టండి, ఆవిడని కాపీలో పెట్టండి. ఆవిడని పూర్తిగా పక్కకు తోసేస్తే రేపు ఇంకో ఉద్యోగానికి మీ రెజ్యూమె పంపదు.

ఇప్పుడు అసలు లెక్క. కంపెనీ గడువు ఎందుకు పెడుతుంది? ఇంటర్వ్యూలో మీ తర్వాత నిలిచిన రెండో మనిషి ఒకరుంటారు. మీరు కాదంటే ఆయన్ని పిలవాలి. ఆయన ఇంకోచోట చేరిపోకముందే మీ మాట కావాలి. అది ఒక భయం. రెండో భయం, మీరు చేరే తేదీ వెనక్కి పోతుందేమోనని. ఫ్యాక్టరీలో ఈ రెండోదే పెద్దది. అక్కడ షిఫ్ట్ ఖాళీగా ఉంటుంది, ప్రొడక్షన్ మేనేజర్ రోజూ హెచ్ఆర్ నెత్తిన కూర్చుంటాడు.

మీ కేసులో చేరే తేదీ జులై 23. సోమవారం 16న సంతకం పెట్టి 17న రాజీనామా ఇస్తే జులై 17కి రిలీవ్ అవుతారు. చేరేది 23న. మధ్యలో ఐదు రోజులు ఖాళీ. అదే 20 శుక్రవారం సంతకం పెట్టి 21న రాజీనామా ఇచ్చారనుకోండి, జులై 21కి రిలీవ్, 23కి చేరడానికి ఇబ్బందేమీ లేదు. అంటే మీరడిగే టైం వాళ్ల జేబులోంచి పోవడం లేదు, మీ ఖాళీ రోజుల్లోంచే పోతోంది. ఆ మాట మెయిల్‌లో కనబడాలి. "నా చేరే తేదీలో మార్పు ఉండదు" అన్న ఒక్క వాక్యం ఉంటే సగం హెచ్ఆర్‌లు అక్కడే సరేనంటారు.

రోజ్‌మిల్క్_రాజమండ్రి
ఇంత లెక్క ఎందుకండీ, జులై 23 అంటే ఆషాఢం నడుస్తూ ఉంటుంది. "ఆషాఢంలో కొత్త ఉద్యోగంలో చేరకూడదని మా అమ్మ పట్టుబట్టింది, శ్రావణం వచ్చాక చేరతా" అనండి. గోదావరి జిల్లాల్లో ఏ హెచ్ఆర్ కాదంటాడు? ఆయ్.

హెచ్ఆర్_మాజీ
ఆ కారణం నేను వందసార్లు విన్నాను, వందసార్లూ ఒప్పుకున్నాను. కానీ రోజ్‌మిల్క్ గారూ, ఆషాఢం చేరడానికి అడ్డు, సంతకానికి అడ్డు కాదు. "సరేనమ్మా, శ్రావణంలో చేరు, సంతకం మాత్రం ఇవాళ పెట్టు" అంటాను నేను. అప్పుడేం చెబుతారు? పైగా ఉన్న ఒక్క బలం, చేరే తేదీ, దాన్ని మనమే పాడుచేసుకున్నట్టు.

నరసాపురం_లేసు
ఆషాఢానికీ సంతకానికీ సంబంధం లేదని మా అత్తగారికి చెప్పి చూడండి ఎవరైనా.

తణుకు_తాతయ్య
అందరూ మెయిల్ మెయిల్ అంటున్నారు. యజమాని నడిపే చోట ఈ మెయిల్ పనిచేయదు. మా వీధిలో కుర్రాడికి ఒక రైస్ మిల్లులో అకౌంటెంట్ ఉద్యోగం వచ్చింది. ఫోన్లో "ఆలోచించుకుని చెబుతానండీ" అన్నాడు. యజమాని దాన్ని "ఇష్టం లేదు" అని అర్థం చేసుకుని మర్నాడే ఇంకొకర్ని పెట్టుకున్నాడు. అదే వెళ్లి ఎదురుగా కూర్చుని, "బాబాయిగారూ, శుక్రవారం పొద్దున్న వచ్చి చెబుతాను" అని ఉంటే ఆగేవాడు. తేదీ లేని మాట మాట కాదు.

హెచ్ఆర్_మాజీ
తాతయ్య గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. "కొంచెం టైం" అనకూడదు, "20 శుక్రవారం సాయంత్రం 5" అనాలి. తేదీ చెప్పిన మనిషి కోసం రెండో మనిషిని ఆపి ఉంచగలం. తేదీ లేకపోతే ఎన్నాళ్లు ఆపుతాం?

పాలకొల్లు_క్యూసీ
మరి కారణం ఏం చెప్పాలి? వేరే ఇంటర్వ్యూ ఉందని చెప్పేయాలా?

పూతరేకు
చచ్చినా చెప్పకండి. ఇంట్లో వాళ్లతో మాట్లాడాలి అనండి.

లంక_రాజు
నేనైతే చెప్పేస్తా. దాచేదేముంది, ఉద్యోగం వెతుక్కునేవాడు ఒక్కచోటే వెతుకుతాడా?

నరసాపురం_లేసు
నేను చెప్పి దెబ్బతిన్నా. "అయితే మేము మీకు రెండో ఛాయిస్ అన్నమాట" అన్నారు. ఆఫర్ తీసేయలేదు కానీ టైం ఇవ్వలేదు, ఆ రోజు సాయంత్రానికే తేల్చమన్నారు. ఆ తర్వాత ఒక చోట "కుటుంబం కాకినాడ మారాలి, అద్దె, పాప స్కూలు చూసుకోవాలి" అన్నాను. అది నిజమే కూడా. నాలుగు రోజులు ఇచ్చారు.

హెచ్ఆర్_మాజీ
ఇందులో నాకూ ఒకే సమాధానం లేదు. నేనున్న సీట్లోంచి చెబుతా. "ఇంకో చోట ప్రాసెస్ ఆఖర్లో ఉంది, అది తేల్చుకుని మీకు పక్కాగా చెబుతా" అంటే నాకు కోపం రాలేదు ఎప్పుడూ. కానీ నా పై మేనేజర్‌కి వచ్చేది. లేసు గారు చెప్పినట్టు నిజమైన ఇంకో కారణం ఉంటే అదే చెప్పండి. లేనిది కల్పించకండి. తాతయ్యకి బాగోలేదని చెప్పి, తర్వాత దొరికిపోయినవాళ్లని చూశాను.

తణుకు_తాతయ్య
నా ఊసెందుకండీ 😀

హెచ్ఆర్_మాజీ
అయితే అసలు పని కాకినాడతో మొదలు కాదు. ముందు ఫోన్ చేయాల్సింది విశాఖకి. రేపు పొద్దున్న పదిన్నర, పదకొండు మధ్య, ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన హెచ్ఆర్‌కి. చెప్పాల్సింది ఇంతే: "నా చేతిలో రాతపూర్వకంగా ఒక ఆఫర్ ఉంది. 19లోగా జవాబివ్వాలి. నాకు మీ ల్యాబ్‌లోనే చేరాలని ఉంది. నా ఫైల్ ఎక్కడుంది, 18కి ఏదైనా తెలుస్తుందా?" కంపెనీ పేరు చెప్పక్కర్లేదు, జీతం అసలే చెప్పకండి.

వాళ్లిచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. "మేనేజ్‌మెంట్ సంతకానికి వెళ్లింది, ఫలానా రోజు వస్తుంది" అంటే మీరు లిస్టులో ఉన్నారు. "జీతం ఎంత ఆశిస్తున్నారు, నోటీసు ఎంత" అని మళ్లీ అడిగితే ఇంకా మంచి గుర్తు. "ఇంకా ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి, మేమే చెబుతాం" అంటే మీరు మొదటి మనిషి కాదు, లేదా వాళ్లకి తొందర లేదు. అలాంటప్పుడు కాకినాడని ఎన్ని రోజులు ఆపినా లాభం లేదు, 19కి సంతకం పెట్టేయండి.

విశాఖ చెప్పిన తేదీ తెలిశాకే కాకినాడని అడగండి. టైం ఒక్కసారే అడగగలం. మొదట మూడు రోజులు అడిగి, మళ్లీ రెండు రోజులు అంటే ఏ హెచ్ఆర్ అయినా రెండో మనిషికి ఫోన్ చేస్తాడు.

రోజ్‌మిల్క్_రాజమండ్రి
మా తమ్ముడు బీటెక్ ఫైనలియర్. క్యాంపస్‌లో ఒకటి వచ్చింది, వాడు కూడా ఇలాగే అడగొచ్చా?

హెచ్ఆర్_మాజీ
వాణ్ణి కంపెనీకి నేరుగా రాయొద్దనండి. చాలా కాలేజీల్లో ఒక ఆఫర్ వస్తే తర్వాతి కంపెనీలకి కూర్చోనివ్వరు. ముందు ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కలవాలి. అక్కడ నిబంధన కాలేజీది.

పాలకొల్లు_క్యూసీ
అప్‌డేట్. పొద్దున్న విశాఖకి చేశాను. "మీది మేనేజ్‌మెంట్ అప్రూవల్‌లో ఉంది, డైరెక్టర్ గారు ఊళ్లో లేరు, బుధవారం వస్తారు" అన్నారు. ఇప్పుడొస్తున్న జీతం మళ్లీ అడిగారు. నోటీసు కొనుక్కోవచ్చా అని కూడా అడిగారు.

వెంటనే కాకినాడకి ఫోన్ చేసి, తర్వాత మెయిల్ పెట్టాను. ఆఫర్‌కి సంతోషం, ఇల్లు మారే విషయం ఇంట్లో తేల్చుకోవాలి, 20 సాయంత్రం 5లోగా ఖచ్చితంగా జవాబిస్తాను, జులై 23లో మార్పు ఉండదు అని. (మాది అద్దె ఇల్లే, అమ్మానాన్నలు నాతోనే ఉంటారు. అబద్ధం కాదు.) పీఎఫ్ ఏ లెక్కన కట్టారో లెటర్‌లో అర్థం కాలేదు, అదీ అడిగాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. 20 మధ్యాహ్నం 12 దాకా ఇచ్చారు. కన్సల్టెన్సీ మేడమ్ ఫోన్ చేసి కొంచెం నిష్ఠూరంగా మాట్లాడారు, అంతే.

లంక_రాజు
ఐదు గంటలు కోసేశారు. బేరం అంటే కాకినాడ వాళ్ల తర్వాతే.

హెచ్ఆర్_మాజీ
బాగా చేశారు. ఆ జవాబు మెయిల్ దాచుకోండి. రాజీనామా మాత్రం ఎక్కడా సంతకం పెట్టకముందు ఇవ్వొద్దు.

పాలకొల్లు_క్యూసీ
ఇంకో అనుమానం. బుధవారమో గురువారమో విశాఖ వాళ్లు ఫోన్లో "మీరు సెలెక్ట్, లెటర్ వచ్చేవారం వస్తుంది" అంటే? కాకినాడకి శుక్రవారం పన్నెండింటికి ఏం చెప్పాలి?

పూతరేకు
నేను మొదటి నుంచీ చెబుతున్నదే. కాకినాడకి సంతకం. విశాఖ లెటర్ వచ్చాక మార్చుకోండి.

నరసాపురం_లేసు
ఫోన్ మాట నమ్మి చేతిలోది వదులుకోకండి. నా కజిన్‌కి "సెలెక్ట్" అని చెప్పాక ఆ పోస్టే ఆపేశారు.

రాజోలు_ప్లీడర్
చట్టంలో నోటిమాట చెల్లదని కాదు. దాన్ని నిరూపించడం మీ వల్ల కాదు, అది సమస్య.

లంక_రాజు
కానీ సంతకం పెట్టి వెనక్కి వస్తే నేను ముందు చెప్పిన జీఎం గారి నవ్వు ఉంది మరి.

హెచ్ఆర్_మాజీ
ఇక్కడ పూతరేకు గారు సగం రైటు. లెటర్ లేకుండా కాకినాడని వదలకూడదు. కానీ సంతకం పెట్టడానికి ముందు ఇంకో మెట్టుంది. విశాఖ వాళ్లు ఫోన్లో చెబితే, "శుక్రవారం పది గంటల్లోగా జీతం, హోదా, చేరే తేదీ రాసి మీ ఆఫీసు ఐడీ నుంచి ఒక చిన్న మెయిల్ పెట్టగలరా, పూర్తి లెటర్ తర్వాత ఇవ్వండి" అని అడగండి. నిజంగా తీసుకోవాలనుకున్నవాళ్లకి అది పది నిమిషాల పని. నోటీసు కొనుక్కోవచ్చా అని అడిగారంటే వాళ్లకీ తొందర ఉంది. ఆ మెయిల్ కూడా పెట్టలేమంటే, అది సెలెక్షన్ అని నేననుకోను.

మెయిల్ రాకపోతే శుక్రవారం మధ్యాహ్నం 12లోగా కాకినాడకి సంతకం పెట్టండి. ఆ తర్వాత విశాఖ లెటర్ వస్తే ఏం చేస్తారనేది మీ ఇష్టం, దాని మీద ఇక్కడ ఎవరూ ఏకాభిప్రాయానికి రారు. వెనక్కి రావాలనుకుంటే మాత్రం ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి, రెండో మనిషి ఇంకా దొరికే టైంలో. చేరి నాలుగు రోజులు చేసి మాత్రం మానేయకండి. పీఎఫ్ కట్టారంటే మీ యూఏఎన్‌లో ఆ కంపెనీ పేరు ఎక్కుతుంది, తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో దానికి కథ చెప్పుకోవాలి.

పూతరేకు
సగం రైటా. చాలు, ఇవాళ్టికి ఇది నాకు ఎక్కువే.

నరసాపురం_లేసు
సంతకం పెట్టాక వెనక్కి రావడం నాకు నచ్చదు. కానీ క్యూసీ గారి ప్లేసులో ఉంటే ఏం చేస్తానో నాకే తెలీదు.

పాలకొల్లు_క్యూసీ
విశాఖ హెచ్ఆర్‌కి ఆ చిన్న మెయిల్ సంగతి బుధవారం సాయంత్రం అడుగుతా. ఇక్కడ మేనేజర్ గారు వచ్చే నెల నా లీవు ఎందుకు ఆపమన్నానని అడుగుతున్నారు, ముందు ఆయనకేం చెప్పాలో చూడాలి. ఏదైనా తెలిస్తే రాస్తా.

తణుకు_తాతయ్య
ఆషాఢం అని చెప్పు.